ఏటీఎం దగ్గర సాయం చేస్తానన్న మనిషి కార్డు మార్చేస్తే: చిప్ ఎందుకు ఆపలేదు, స్కిమ్మర్‌ను ఎలా పట్టుకోవాలి

ప్రశ్న: మా నాన్న రిటైర్డ్ టీచర్. మొన్న ఉదయం 10:45కి పెన్షన్ తీయడానికి ఏటీఎంకి వెళ్తే కార్డు రీడ్ అవ్వలేదట. వెనకున్న కుర్రాడు సాయం చేస్తానని కార్డు తీసుకుని పెట్టాడు, పిన్ కొట్టమన్నాడు, తప్పు పిన్ అని వచ్చింది. మిషన్ పాడైందని చెప్పి కార్డు తిరిగిచ్చేశాడు. ఈ రోజు ఫోన్ చూస్తే 11:10కి 9,500, 11:12కి 9,500, సాయంత్రం ఒక నగల షాపులో 38,000, రాత్రి 12:08కి, 12:10కి మళ్ళీ 9,500 చొప్పున పోయాయి. నాన్న దగ్గరున్న కార్డు మీద వేరే పేరుంది. చిప్ కార్డు కాపీ చేయలేరంటారు కదా, మరి ఎలా పోయాయి? స్కిమ్మింగ్ అంటే ఇదేనా? ఇప్పుడేం చేయాలి, ఇక ముందు మిషన్ దగ్గర ఏం చూసుకోవాలి?

జవాబు:

ఇది స్కిమ్మింగ్ కాదు, కార్డు మార్పిడి. మీ నాన్నగారి కార్డును ఎవరూ కాపీ చేయలేదు. అసలు కార్డే పట్టుకుపోయారు, పిన్ కళ్ళారా చూశారు. అసలు కార్డు, అసలు పిన్ కలిసి వచ్చినప్పుడు చిప్ ఆపడానికి ఏమీ ఉండదు. చిప్ పని నకిలీ కార్డును పట్టుకోవడం, అంతే. కార్డు ఎవరి చేతిలో ఉందో దానికి తెలియదు.

మిగతాది చదివే ముందు కార్డు బ్లాక్ అయిందో లేదో చూడండి. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, చేతిలో ఉన్న కార్డు తీసి దాని చివరి నాలుగు అంకెలు చదువుతారు. ఆ కార్డు మీది కాదు. అలా చేస్తే ఇంకొకరి కార్డు బ్లాక్ అవుతుంది, మీది దొంగ దగ్గర నడుస్తూనే ఉంటుంది. పాస్‌బుక్ తీసి ఖాతా నంబరు చెప్పండి, ఆ ఖాతాకు ఉన్న కార్డులన్నీ ఆపమనండి. స్టేట్ బ్యాంకు ఖాతా అయితే 1800 1234 లేదా 1800 2100కు చేయొచ్చు. రిజిస్టర్ అయిన ఫోన్ నుంచి BLOCK అని కొట్టి, ఖాళీ వదిలి, కార్డు చివరి నాలుగు అంకెలు రాసి 567676కు మెసేజ్ పంపినా బ్లాక్ అవుతుంది. కానీ ఆ నాలుగు అంకెలు మీ సొంత కార్డువై ఉండాలి. డబ్బు పోయినప్పుడు బ్యాంకు పంపిన మెసేజ్‌లలో చాలాసార్లు కార్డు చివరి అంకెలు ఉంటాయి, అక్కడ చూసుకోండి.

మిషన్ దగ్గర ఆ కొద్ది నిమిషాల్లో ఏం జరిగింది

మీరు రాసిన వివరాలతోనే చెబుతాను, ఈ మోసం దాదాపు ఎక్కడైనా ఇదే వరుసలో నడుస్తుంది.

కార్డు రీడ్ అవ్వకపోవడం నిజంగానే జరిగి ఉండొచ్చు. చిప్ వచ్చాక కార్డును లోపలికి పూర్తిగా తోసి, మిషన్ తీయమనేదాకా అలాగే వదిలేయాలి. పాత అలవాటున్నవాళ్ళు పెట్టి వెంటనే లాగేస్తారు. చిప్ చదవడం పూర్తి కాకముందే కార్డు బయటికి వస్తుంది, స్క్రీన్ మీద కార్డు చదవలేకపోయామని వస్తుంది. రెండుసార్లు అలా అయ్యేసరికి వెనకున్న మనిషి ముందుకొస్తాడు. కొన్నిచోట్ల దొంగలే ముందుగా వచ్చి ఏదో ఒక మీట కదలకుండా జిగురు పెట్టి వెళ్తారు, అప్పుడు ఇబ్బంది పడే మనిషి కోసం ఎదురుచూడాల్సిన పని కూడా ఉండదు.

"ఇలా ఇవ్వండి సార్, చిప్ మీద దుమ్ముంది" అని కార్డు తీసుకుని చొక్కాకు తుడుస్తాడు. మార్పిడి అక్కడే అయిపోతుంది. అరచేతిలో అదే బ్యాంకుది, అదే రంగుది ఇంకో కార్డు ముందే ఉంటుంది. మీ నాన్నగారి కార్డు ఏ బ్యాంకుదో, ఏ రంగో వరుసలో నిలబడ్డప్పుడే చూసుకుని ఉంటాడు.

ఇక అసలు కిటుకు. వాడు మిషన్‌లో పెట్టింది మీ కార్డు కాదు, తన చేతిలోది. దానికి మీ నాన్నగారు తన పిన్ కొట్టారు. వేరే కార్డుకు ఆ పిన్ చెల్లదు కాబట్టి తప్పు పిన్ అని వచ్చింది. రెండోసారి ఇంకా నెమ్మదిగా, ఒక్కొక్క అంకె నొక్కి ఉంటారు. పక్కన నిలబడ్డవాడు చదువుకోవడానికి అంతకంటే ఏం కావాలి. ఆ తర్వాత మిషన్ పాడైందని చెప్పి అదే కార్డు చేతికిచ్చాడు. డబ్బు కట్ కాలేదు, మెసేజ్ రాలేదు, అనుమానించడానికి కారణమే లేదు.

కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సిన ఆనవాలు ఇది: రోజూ వాడే పిన్ హఠాత్తుగా తప్పని వస్తే రెండోసారి కొట్టకండి. కార్డు బయటికి తీసి పేరు చూడండి. పిన్ గుర్తులేక కాదు, కార్డు మారిపోయి అలా వచ్చి ఉండొచ్చు.

తర్వాతి లావాదేవీలను చూస్తే వాడికి బ్యాంకు నియమాలు బాగా తెలుసని అర్థమవుతుంది. స్టేట్ బ్యాంకు 2020 జనవరి 1 నుంచి రాత్రి వేళల్లో, అదే ఏడాది సెప్టెంబరు 18 నుంచి రోజంతా, తన ఏటీఎంలలో 10,000, ఆ పైన తీసేటప్పుడు ఫోన్‌కు ఓటీపీ పంపుతోంది. 9,500 తీస్తే అది అడ్డురాదు. ఆ ఏర్పాటు ఆ బ్యాంకు కార్డును ఆ బ్యాంకు మిషన్లో పెట్టినప్పుడు పనిచేయడానికి తెచ్చింది, అందుకే ఈ ముఠాలు వేరే బ్యాంకు మిషన్‌కు వెళ్తాయి. మీ నాన్నగారి కార్డు ఏ బ్యాంకుదో మీరు రాయలేదు. ఓటీపీ లేని బ్యాంకుదైనా, అన్ని కార్డులకూ ఒకే లెక్క వాడటం వీళ్ళకు అలవాటు.

రెండుసార్లు తీసి ఆపేయడానికి కారణం రోజువారీ పరిమితి. ఉదాహరణకు స్టేట్ బ్యాంకు సాధారణ డెబిట్ కార్డుకు ఏటీఎంలో రోజుకు తీయగలిగే మొత్తాన్ని 2018 అక్టోబరు 31 నుంచి 40,000 నుంచి 20,000కు తగ్గించింది. 9,500 చొప్పున రెండుసార్లంటే 19,000, పరిమితి నిండినట్టే. షాపులో కార్డు గీకడానికి పరిమితి వేరుగా ఉంటుంది, అందుకే సాయంత్రం నగల షాపు. బంగారం మళ్ళీ అమ్ముకోవడం తేలిక. ఇక అర్ధరాత్రి దాటగానే తేదీ మారి కొత్త రోజు పరిమితి మొదలవుతుంది, 12:08కి మళ్ళీ మొదలుపెట్టాడు.

మొత్తం 76,000. వాడికి 13 గంటలకు పైగా సమయం దొరికింది. మొదటి మెసేజ్ 11:10కే వచ్చింది, అప్పుడే చూసి ఆపించబోయినా 11:12 నాటిది బహుశా పోయేది. కానీ మధ్యాహ్నం చూసుకున్నా 57,000 మిగిలేది. మీ నాన్నగారిని తప్పుపట్టడానికి ఈ లెక్క చెప్పడం లేదు. మెసేజ్‌లు ఆయన ఫోన్‌కు మాత్రమే వస్తున్నాయి, ఆయన ఫోన్ చూడరు. అసలు సరిచేసుకోవాల్సింది అక్కడ. బ్యాంకు యాప్ మీ ఫోన్‌లో పెట్టుకోవడమో, ఆయన మెసేజ్‌లు రోజూ రెండుసార్లు ఎవరో ఒకరు చూడటమో చేయండి.

ఇప్పుడు చేయాల్సినవి

కార్డు ఆపించాక సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. ఏటీఎంలో తీసిన నగదును ఎవరూ వెనక్కి లాగలేరు. కానీ నగల షాపు 38,000 షాపు ఖాతాకు చేరాల్సిన సొమ్ము, దాన్ని ఆపగలిగే అవకాశం ఎంతో కొంత ఉంటుంది. అది గంటల మీద ఆధారపడిన విషయం, రేపటికి పెట్టుకోకండి.

తర్వాత బ్యాంకు శాఖకు వెళ్ళి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. నోటిమాటగా చెప్పి వస్తే తర్వాత లెక్కలోకి రాదు. ఆ కాగితంలో ఐదు లావాదేవీలూ సమయంతో సహా రాయండి. రెండు చోట్ల సీసీటీవీ దృశ్యాలు చెరిపేయకుండా ఉంచాలని విడిగా ఒక వాక్యం రాయండి: కార్డు మారిన ఏటీఎంలో ఉదయం 10:30 నుంచి 11:00 వరకు, డబ్బు తీసిన ఏటీఎంలలో ఆయా సమయాలకు. కొన్నాళ్ళకు ఆ రికార్డింగుల మీదే కొత్తవి వచ్చి పడతాయి. పోలీసులు అడిగేసరికి ఉండకపోవచ్చు.

చేతిలో ఉన్న ఆ వేరే కార్డును పారేయకండి, విరగ్గొట్టకండి, పనిచేస్తుందేమోనని ఏ మిషన్‌లోనూ పెట్టకండి. అది చాలాసార్లు మీ నాన్నగారికంటే ముందు మోసపోయిన మరో మనిషిది. దాని మీది పేరును బట్టి పోలీసులు ఆ కేసును, ఈ కేసును కలపగలుగుతారు. కవరులో పెట్టి స్టేషన్‌లో ఇచ్చి, ఇచ్చినట్టు ఫిర్యాదులో రాయించండి. మా పరిధి కాదని చెప్పి పంపేస్తే ఒప్పుకోవాల్సిన పనిలేదు, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి.

డబ్బు తిరిగి వస్తుందా

దీని మీద మీకు లేనిపోని ఆశ పెట్టను. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక ఎక్కడో వ్యవస్థలో జరిగితే, బ్యాంకు మెసేజ్ అందిన 3 పనిదినాల్లోపు చెప్పినవారికి నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే సాధారణ పొదుపు ఖాతాదారు 10,000 వరకు భరించాలి. ఆ తర్వాత బ్యాంకు సొంత విధానం. స్కిమ్మింగ్ కేసులు ఈ గడిలో సులువుగా ఇముడుతాయి, మిషన్‌కు పరికరం బిగించారంటే ఖాతాదారు చేయగలిగిందేమీ లేదు కదా.

కార్డు మార్పిడిలో మాత్రం బ్యాంకులు అడ్డం తిరుగుతాయి. అసలు కార్డు, సరైన పిన్ వాడారు కాబట్టి ఖాతాదారు అజాగ్రత్తే కారణం అంటాయి. అజాగ్రత్త ఉంటే ఫిర్యాదు చేసే వరకు జరిగిన నష్టం ఖాతాదారుదే, చేసిన తర్వాత పోయినది బ్యాంకుదే. ఆ అజాగ్రత్తను నిరూపించే భారం మాత్రం బ్యాంకు మీద ఉందని అదే ఉత్తర్వు చెబుతుంది. మీ నాన్నగారు పిన్ నోటితో చెప్పలేదు, కాగితం మీద రాసివ్వలేదు. దొంగ మోసం చేసి చూశాడు. ఫిర్యాదులో జరిగింది జరిగినట్టే ఈ మాట స్పష్టంగా రాయండి. కార్డు ఎక్కడో పోయిందనో, ఎవరో కాపీ చేశారనో మార్చి రాస్తే మొదటి సీసీటీవీ దృశ్యంతోనే మీ మాట వీగిపోతుంది. గార్డు లేకపోవడం, రెండో మనిషి లోపలికి రాగలగడం, మీట పనిచేయకపోవడం లాంటివి నిజంగా ఉంటే అవి కూడా రాయండి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా cms.rbi.org.in లో, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పెట్టుకోవచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. ముద్ర వేయించుకున్న ఆ కాపీ అక్కడ అవసరపడుతుంది.

మరి స్కిమ్మింగ్ అంటే

స్కిమ్మర్‌కు కార్డు దొంగిలించాల్సిన పనిలేదు. కార్డు వెనకాల నల్ల పట్టీలో ఉన్న సమాచారాన్ని చదివి దాచుకుంటుంది. కార్డు మీ దగ్గరే ఉంటుంది, వారానికో నెలకో డబ్బు పోతుంది. దానికి రెండు భాగాలు కావాలి: పట్టీని చదివే పరికరం ఒకటి, పిన్‌ను పట్టే మార్గం ఒకటి. ఏ ఒక్కటి లేకపోయినా దొంగ ఏటీఎంలో డబ్బు తీయలేడు. మీరు చేయాల్సిన జాగ్రత్త అంతా రెండో భాగాన్ని తెంచడమే, ఎందుకంటే మొదటిది ఒక్కోసారి కంటికి కనబడదు.

మన దేశంలో పట్టీ మాత్రమే ఉన్న కార్డులను 2018 డిసెంబరు 31లోపు చిప్ కార్డులుగా మార్చాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. ఏటీఎంలకు స్కిమ్మింగ్‌ను అడ్డుకునే పరికరాలు 2019 మార్చిలోపు బిగించాలని 2018 జూన్‌లో చెప్పింది. పట్టీ కాపీతో చేసిన నకిలీ కార్డు మన ఏటీఎంలలో చెల్లడం దాంతో కష్టమైంది. కానీ పట్టీ ఇప్పటికీ కార్డు మీద ఉంది, పట్టీతోనే పనిచేసే మిషన్లు ఇంకా ఉన్న దేశాలకు ఆ సమాచారం పనికొస్తుంది. అందుకే కార్డుకు విదేశీ లావాదేవీలు ఆపేసి ఉంచండి. యాప్‌లో ఆ మీట ఉంటుంది, ప్రయాణం ఉన్నప్పుడు తెరుచుకోవచ్చు.

మిషన్ దగ్గర ముందు కార్డు పెట్టే మూతి చూడండి. అసలు మూతి మిషన్ ఒంట్లో కలిసిపోయి ఉంటుంది, చాలావాటికి ఆకుపచ్చ దీపం వెలుగుతూ ఉంటుంది. దాని మీద అతికించిన తొడుగు ఉంటే దీపం మసకగా కనబడుతుంది, అంచుల్లో జిగురు మరకో సన్నని సందో ఉంటుంది, రంగు కొంచెం తేడాగా ఉంటుంది. వేళ్ళతో పట్టుకుని గట్టిగా అటూ ఇటూ కదపండి. అసలుది కదలదు. అతికించింది ఊగుతుంది, కొన్నిసార్లు చేతికే వస్తుంది. ఒకే గదిలో ఒకే రకం మిషన్లు రెండుంటే పోల్చి చూడటం అన్నిటికంటే సులువు.

ఒక విషయంలో కంగారు పడకండి. కార్డును తనే లోపలికి లాక్కునే కొన్ని మిషన్లలో కార్డు కుదుపుతో, ఆగి ఆగి వెళ్తుంది. అది స్కిమ్మర్ కాదు, స్కిమ్మర్ సరిగా చదవకుండా బ్యాంకు పెట్టిన ఏర్పాటు.

కీప్యాడ్ మీద నకిలీ కీప్యాడ్ వేస్తే అది చుట్టూ ఉన్న లోహం కంటే ఎత్తుగా ఉంటుంది, మీటలు మెత్తగా లేదా రెండు పొరలుగా నొక్కుకుపోతాయి. గోరు అంచు కింద పెట్టి లేపి చూడండి.

కెమెరా అయితే కీప్యాడ్ కనబడే చోటే ఉండాలి, కాబట్టి వెతకాల్సిన స్థలం తక్కువ. స్క్రీన్ పైన దీపం పట్టీ కింద, పక్కన కాగితాలు పెట్టే డబ్బా, అద్దం అంచు, పైకప్పు. 2016 ఆగస్టులో తిరువనంతపురంలో విదేశీ ముఠా చేసిన ఏటీఎం దోపిడీలో పరికరాన్ని పొగను పసిగట్టే పెట్టెలా కనిపించేట్టు పైన బిగించారు. తలెత్తి చూసినవాళ్ళకు కూడా అది ఉండాల్సిన వస్తువులాగే కనిపించి ఉంటుంది.

మూతిలో లోతుగా దూర్చే సన్నని స్కిమ్మర్లు బయటికి అసలు కనబడవు, ఎంత కదిపినా తెలియదు. వాటికి చాలావరకు కెమెరానే తోడు. అందుకే పిన్ కొట్టేటప్పుడు రెండో చెయ్యి గొడుగులా పైన పెట్టడం మిగతా తనిఖీలన్నిటికంటే ఎక్కువ ఉపయోగం. వేళ్ళు ఆనించి, అరచేయి కీప్యాడ్‌కు దగ్గరగా వంచి పెట్టాలి. వెనక నిలబడ్డవాడికి కూడా అదే అడ్డు. నకిలీ కీప్యాడ్‌కు మాత్రం ఇది పనిచేయదు, దానికి గోరు పరీక్షే.

ఫోన్లలో తిరిగే రెండు మాటలు నమ్మకండి. కార్డు పెట్టే ముందు క్యాన్సిల్ మీట రెండుసార్లు నొక్కితే పిన్ దొంగిలించలేరన్నది అబద్ధం. పిన్ తిరగేసి కొడితే పోలీసులు వస్తారన్నది కూడా అబద్ధమే.

మీ నాన్నగారి కోసం

కొత్త కార్డు రాగానే దాని ముందువైపు, చిప్‌కు దూరంగా ఉన్న మూలలో చెరగని మార్కరుతో ఆయనకు నచ్చిన గుర్తు ఒకటి పెద్దగా వేయండి. స్టిక్కరు అంటించకండి, మందం వల్ల మిషన్‌లో ఇరుక్కుంటుంది. పేరు చదవాలంటే కళ్ళద్దాలు కావాలి, గుర్తు అయితే చేతిలోకి రాగానే కనబడుతుంది. కార్డు చివరి నాలుగు అంకెలు, హెల్ప్‌లైన్ నంబరు పాస్‌బుక్ అట్ట లోపల రాయండి. పిన్ మాత్రం అక్కడ రాయకండి.

ఒకరోజు మీరే వెంట వెళ్ళి, కార్డు పూర్తిగా తోసి వదిలేయడం రెండు మూడుసార్లు ఆయన చేతనే చేయించండి. ఆ ఒక్కటి వస్తే ఎవరి సాయమూ అక్కర్లేదు. ఎవరైనా పక్కకు వస్తే క్యాన్సిల్ నొక్కి, కార్డు తీసుకుని, బయటికి వచ్చేయమనండి. "మా అబ్బాయి వస్తున్నాడు" అంటే చాలు, మర్యాద తక్కువేం కాదు. గార్డునని చెప్పుకున్న మనిషికి కూడా కార్డు ఇవ్వకూడదు. కార్డు మిషన్‌లోనే ఇరుక్కుపోతే గోడ మీద అంటించిన నంబరుకు కాకుండా పాస్‌బుక్‌లో రాసుకున్న నంబరుకు, గదిలో నుంచి కదలకుండా ఫోన్ చేయాలి. గోడ మీది నంబరు దొంగ అంటించింది కావచ్చు, బయటికి వెళ్ళగానే కార్డు లాగేసుకునేందుకు.

నెలకోసారి పెన్షన్ తీసుకోవడమే అయితే శాఖలో పాస్‌బుక్‌తో విత్‌డ్రాయల్ ఫారం రాసి తీసుకోవచ్చు. మీరు వెంట ఉన్న రోజున యూపీఐతో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి నగదు ఇచ్చే మిషన్ వాడితే, ఒకసారికి 10,000 వరకు, కార్డు జేబులోంచి తీయాల్సిన పనే ఉండదు.